ఖాళీ పంక్తి దగ్గర ఆగడం: యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

నా చిన్న కవితకు నువ్వు రాసి పంపిన సారాంశం చదివాను. "తండ్రి మరణించాక ఒక కుటుంబం పడే వేదనను ఈ కవిత వర్ణిస్తుంది" అని ఒక్క వాక్యంలో తేల్చేశావు. ఆ వాక్యం ఇంకో వంద కవితలకూ అతికినట్టు సరిపోతుంది. చరణానికీ చరణానికీ మధ్య నేను వదిలిన ఖాళీలను లెక్కలోకి తీసుకోకుండా, కవిత మొత్తాన్ని ఒక్క గుక్కలో చదివేయడం వల్లే ఇలా జరిగిందని నా అనుమానం. కవితను మళ్లీ ఇక్కడ రాస్తున్నాను.

తాళం వేసిన గది ముందు
నాన్న చెప్పులు ఇంకా ఉన్నాయి.
దుమ్ము వాటిని తొడుక్కుంది.

రోజూ వసారా ఊడుస్తూ అమ్మ
వాటి చుట్టూ చీపురు తిప్పుతుంది,
నిద్రపోయే బిడ్డను తప్పించినట్టు.

రాత్రి జల్లు కొట్టింది.
చెప్పుల్లో నీళ్లు నిలిచాయి.
పొద్దున్నే అమ్మ వాటిని ఎండలో పెట్టి

తిరిగి వచ్చింది.
తడిసిన నేల మీద
రెండు పాదాల మేర పొడిగా ఉంది.

ముందుగా ఒక్కో చరణానికి ఒక్కో వాక్యం రాసుకో. ఆ వాక్యంలో ఏదో ఒకటి జరగాలి. "మొదటి చరణం చెప్పుల గురించి" అని రాస్తే అది విషయసూచికలో శీర్షికలా ఉంటుంది. "మూసిన గది ముందు తండ్రి చెప్పులు ఎవరూ తొడగక దుమ్ముపట్టి ఉన్నాయి" అని రాస్తే ఆ చరణం చెప్పిన సంగతి చేతికి వస్తుంది. రెండో చరణానికి "తల్లి రోజూ ఊడుస్తున్నా, నిద్రపోయే బిడ్డను తప్పించినంత జాగ్రత్తగా వాటిని కదపకుండా వదిలేస్తుంది" అని రాయవచ్చు. దుమ్ము తొడుక్కోవడమనే అలంకారాన్ని నేను మామూలు మాటల్లోకి కరిగించాను, బిడ్డ పోలికను మాత్రం ఉంచాను. ఎందుకంటే ఆ పోలిక తీసేస్తే తల్లి ఒట్టి బద్ధకస్తురాలిగా కనిపిస్తుంది.

ఇప్పుడు ఆ రెండు వాక్యాల మధ్య ఖాళీ దగ్గర ఆగి, వాటిని కలపడానికి ఏ మాట కావాలో వెతుకు. "తరువాత" అన్న మాట అక్కడ పనికిరాదు, ఎందుకంటే రెండూ ఒకే కాలంలో జరుగుతున్నాయి. రోజూ ఊడ్చే ఇంట్లో చెప్పులకు దుమ్ము ఎలా పట్టిందన్న ప్రశ్న మొదటి చరణం చదివినప్పుడు మనకు తట్టదు. రెండో చరణం దానికి జవాబు చెప్పాకే తడుతుంది. కాబట్టి అక్కడ దాగిన మాట "ఎందుకంటే". రెండో ఖాళీ దగ్గర మారింది కాలం: "రోజూ" పోయి "రాత్రి" వచ్చింది, అంటే అలవాటు ముగిసి ఒక సంఘటన మొదలైంది, అక్కడ "అయితే ఒక రాత్రి" అని రాసుకో. ఇలా కలిపిన తరువాత మొదటి రెండు వాక్యాలను తారుమారు చేసి చదివి చూడు. అర్థం ఏమీ చెడకపోతే, ఆ ఖాళీలో ఉన్న సంబంధాన్ని నువ్వు ఇంకా పట్టుకోలేదని తెలుసుకోవచ్చు.

మూడో ఖాళీ దగ్గర చిక్కు ఉంది. "పెట్టి" అన్నది అసమాపక క్రియ. వాక్యం ముగియకముందే చరణం ముగిసింది. నాలుగు చరణాలకు నాలుగు వాక్యాలే ఉండాలని పట్టుబట్టి దీన్ని విరిచేస్తే తల్లి చేసిన ఒక్క పని రెండు ముక్కలవుతుంది. సారాంశంలో రెండు చరణాలనూ ఒకే వాక్యంగా కలుపు, కాని ఆ ఖాళీని మాత్రం మరిచిపోకు: "వానకు తడిసిన చెప్పులను తల్లి మొదటిసారి కదిపి ఎండలో పెట్టింది, వట్టి చేతులతో తిరిగి వచ్చాకే అవి ఉన్న చోటు, రెండు పొడి అడుగుల ఆకారంలో, ఆమెకు కనిపించింది." కవితలో "మొదటిసారి" అన్న మాట లేదు గదా అని నువ్వు అడగవచ్చు. రెండో చరణంలోని "రోజూ" నుంచి అది వస్తుంది గనుక దాన్ని వాడే హక్కు మనకుంది.

ఒక చిన్న హెచ్చరిక. కనిపించే ప్రతి ఖాళీ కవి పెట్టింది కాదు. ఒకసారి నేను పుట అడుగున పంక్తులు అయిపోవడాన్ని చరణం ముగింపుగా పొరబడి, ఒకే ఆలోచనకు రెండు వాక్యాలు రాసి అభాసుపాలయ్యాను. ఇక్కడైతే ప్రతి చరణానికీ మూడు పంక్తులున్నాయి గనుక లెక్కపెట్టి చూస్తే తేలిపోతుంది. చరణాల పొడవు ఒకేలా లేని కవితలో మాత్రం ఇంకో ముద్రణతో సరిచూడక తప్పదు.

ఇక నువ్వు రాసిన "మరణించాక" అన్న మాట సంగతి. పై వాక్యాలన్నీ వరుసగా చదువు. ఏ చరణమూ ఆ మాట ఇవ్వదు. గదికి తాళం ఉంది, చెప్పులు మిగిలి ఉన్నాయి, మనిషి లేడు. అతను చనిపోయాడా, ఇల్లు వదిలి వెళ్లాడా అన్నది నేను కావాలనే చెప్పలేదు, కాబట్టి సారాంశంలో నువ్వూ చెప్పకు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు