షుడ్, మస్ట్, హ్యావ్ టు, ఆట్ టు: నాలుగూ "చెయ్యాలి" అనేనా?

ప్రశ్న: షుడ్, మస్ట్, ఆట్ టు, హ్యావ్ టు, ఏది అడిగినా "చెయ్యాలి" అనే అర్థం చెప్తున్నారు. మరి ఏది ఎంత గట్టిగా చెప్పినట్టు? ఆఫీసు మెయిల్ రాసేటప్పుడు ఏది పెట్టాలో తెలియక ప్రతిసారీ టెన్షన్. అనుభవం ఉన్నవాళ్ళు ఎవరైనా చెప్తారా?

జవాబు:

నాకు ఈ తేడా గ్రామర్ పుస్తకాల్లో కంటే ఇంగ్లండులో డ్రైవింగ్ థియరీ టెస్టుకి చదివేటప్పుడు బాగా ఒంటబట్టింది. ఇక్కడ నివాసం మొదలయ్యాక ఇండియా లైసెన్సుతో 12 నెలలే బండి నడపనిస్తారు, ఆ తర్వాత ఇక్కడి లైసెన్సు తెచ్చుకోవాల్సిందే, కాబట్టి మనవాళ్ళు చాలామంది ఎప్పుడో ఒకప్పుడు హైవే కోడ్ ముందేసుకుని కూర్చుంటారు. అది రోడ్డు నియమాల పుస్తకమే గానీ, షుడ్‌కీ మస్ట్‌కీ తేడా అంత నిక్కచ్చిగా పాటించిన ఇంగ్లీషు పుస్తకం నేను ఇంకోటి చూడలేదు.

మొదట్లోనే చెప్పేస్తారు. నియమంలో మస్ట్ అని పెద్ద అక్షరాల్లో ఉంటే అది చట్టం. తప్పితే నేరం: జరిమానా పడొచ్చు, లైసెన్సు మీద పెనాల్టీ పాయింట్లు పడొచ్చు, మరీ ముదిరితే జైలు కూడా. అలాంటి నియమం కింద అది ఏ చట్టంలోదో కూడా వేస్తారు. షుడ్ అని ఉంటే అది సలహా, పాటించనంత మాత్రాన మీ మీద కేసు పెట్టరు. ఆగండి, ఇక్కడే అసలు సంగతి ఉంది: రేపు ఏదైనా ప్రమాదం జరిగి వ్యవహారం కోర్టుకి వెళ్తే, "పుస్తకంలో ఇలా చెయ్యమని ఉంది, ఇతను చెయ్యలేదు" అని ఆ షుడ్‌నే మీకు వ్యతిరేకంగా చూపించొచ్చు. అంటే షుడ్ అనగానే "ఇష్టముంటే చెయ్, లేకపోతే లేదు" అనుకోవడానికి లేదు. చెయ్యకపోతే వెంటనే శిక్ష ఉండదు, కానీ ఎందుకు చెయ్యలేదో మీరు జవాబు చెప్పుకోవాల్సి రావచ్చు.

195వ నియమం చూడండి, జీబ్రా క్రాసింగ్ గురించి. ఒకే నియమంలో రెండు మాటలూ ఉన్నాయి. క్రాసింగ్ దగ్గర దాటడానికి ఎవరైనా ఫుట్‌పాత్ మీద నిలబడి ఉంటే మీరు వాళ్ళకి దారి ఇవ్వడం షుడ్. ఆ మనిషి క్రాసింగ్ మీదికి వచ్చేశాక దారి ఇవ్వడం మస్ట్. అదే రోడ్డు, అదే కారు, అదే మనిషి. ఫుట్‌పాత్ మీంచి ఒక అడుగు కిందికి పడిందా, మీ బాధ్యత మర్యాద నుంచి చట్టంలోకి దాటిపోయింది. టెస్టుకి చదివేవాళ్ళకి నేను ముందు ఈ నియమమే చూపిస్తాను, ఎందుకంటే ఇక్కడ ఎంత బలం అనేది అర్థంలో కాకుండా కళ్ళ ముందు కనిపిస్తుంది.

ఇప్పుడు మస్ట్, హ్యావ్ టు సంగతి. చాలా చోట్ల "మస్ట్ ఎక్కువ గట్టిది, హ్యావ్ టు కొంచెం తక్కువ" అని నిచ్చెన వేసి చూపిస్తారు. నేను ఒప్పుకోను. సీటు బెల్టు గురించి పుస్తకం "యూ మస్ట్ వేర్ ఎ సీట్ బెల్ట్" అంటుంది. అదే విషయం నాకు నేర్పిన డ్రైవింగ్ మాస్టారు నోటితో చెప్పేటప్పుడు "యూ హ్యావ్ టు వేర్ ఇట్, ఈవెన్ ఇన్ ది బ్యాక్" అనేవాడు. బలం ఒకటే, జరిమానా ఒకటే. తేడా ఏమిటంటే పుస్తకం తన నోటితో ఆజ్ఞ వేస్తోంది, మాస్టారు ఆజ్ఞ వెయ్యడం లేదు, ఎవరో పెట్టిన రూలు మనకి తెలియజేస్తున్నాడు. మాట్లాడేవాడే పట్టుబడుతుంటే మస్ట్, బయటి నుంచి వచ్చిన అవసరమో రూలో చెప్తుంటే హ్యావ్ టు. "ఐ మస్ట్ కాల్ మై మదర్" అంటే చెయ్యాలని నాకే గట్టిగా అనిపిస్తోంది. "ఐ హ్యావ్ టు కాల్ ది బ్యాంక్" అంటే నాకిష్టం ఉన్నా లేకపోయినా తప్పని పని. అందరూ ప్రతిసారీ ఇంత పద్ధతిగా మాట్లాడతారని కాదు, అమెరికాలో ఐతే మాటల్లో మస్ట్ ఇంకా తక్కువ, అన్నిటికీ హ్యావ్ టు లేదా నీడ్ టు కానిచ్చేస్తారు.

మీ మెయిల్ టెన్షన్‌కి మందు కూడా ఇక్కడే ఉంది. మా ప్రాజెక్టులో హైదరాబాద్ నుంచి ఒక కుర్రాడు ఇక్కడి క్లయింటుకి "యూ మస్ట్ అప్రూవ్ ది డాక్యుమెంట్ బై థర్స్‌డే" అని రాశాడు. గ్రామర్ తప్పేం లేదు. అతని ఉద్దేశం "గురువారం కల్లా అప్రూవ్ చెయ్యాలండీ" అని, ఎంతో మర్యాదగానే. మన "చెయ్యాలండీ"లో ఆ "అండీ" సగం బరువు దించేస్తుంది, ఇంగ్లీషులో అది దించేవాళ్ళు ఎవరూ లేరు. చదివినావిడకి అది ఆజ్ఞలా తగిలింది, ఎందుకంటే మస్ట్ అనగానే "నేను చెప్తున్నాను కాబట్టి చెయ్" అని వినిపిస్తుంది, మరి క్లయింటుకి ఆజ్ఞ వెయ్యడానికి ఇతనెవరు? అదే మెయిల్‌ని "వుయ్ హ్యావ్ టు సబ్మిట్ దిస్ ఆన్ ఫ్రైడే, సో కుడ్ యూ అప్రూవ్ ఇట్ బై థర్స్‌డే?" అని మార్చాం. గడువు ఒక్కరోజు కూడా పెరగలేదు. కాకపోతే ఒత్తిడి పెడుతున్నది శుక్రవారం, కుర్రాడు కాదు. షుడ్ పెట్టి "యూ షుడ్ అప్రూవ్" అన్నా బాగుండేది కాదు, పెద్దవాళ్ళకి బుద్ధి చెప్తున్నట్టు ఉంటుంది. మెయిల్లో మస్ట్ హాయిగా అతికే చోటు ఒకటుంది, ఒక మనిషిని ఉద్దేశించకుండా అందరికీ కలిపి రూలు చెప్పేటప్పుడు: "ఆల్ విజిటర్స్ మస్ట్ సైన్ ఇన్" లాంటివి.

ఇంకో చోట మస్ట్ మహా ముద్దుగా ఉంటుంది. "యూ మస్ట్ కమ్ ఫర్ డిన్నర్" అని పక్కింటివాళ్ళు అంటే కంగారు పడకండి. మనం "మీరు రావాల్సిందే, కాదంటే ఊరుకోను" అంటామే, అదే. లాభం వినేవాళ్ళది కాబట్టి ఎంత గట్టిగా అంటే అంత ఆప్యాయత.

సరే, అసలు ప్రమాదం "నాట్" చేరినప్పుడు. ఔనన్నంతసేపూ మస్ట్, హ్యావ్ టు అన్నదమ్ముల్లా ఉంటాయి, కాదనేసరికి ఎటువాళ్ళు అటు వెళ్ళిపోతారు. మస్ట్ నాట్ అంటే చెయ్యకూడదు. డోంట్ హ్యావ్ టు అంటే చెయ్యక్కర్లేదు, చేసినా ఫర్వాలేదు. మా పక్క వీధిలో తెలుగావిడ వాళ్ళ అత్తగారిని షుగర్ రక్తపరీక్షకి తీసుకెళ్ళాలి, మూడు నెలల సగటు చూపించే పరీక్ష, దానికి పరగడుపున ఉండే పని లేదు. నర్సు ఫోన్లో "షీ డజంట్ హ్యావ్ టు ఫాస్ట్" అంది. ఈవిడ ఇంటికొచ్చి "అత్తయ్యా, పరగడుపున రాకూడదట" అని చెప్పింది. పాపం పెద్దావిడ పూజ కాకుండా పచ్చి మంచినీళ్ళు ముట్టని మనిషి, పొద్దున్నే బలవంతాన రెండు ఇడ్లీలు మింగి వచ్చారు. దీనివల్ల నష్టం ఏం లేదు కాబట్టి నవ్వుకున్నాం. అదే ఆపరేషన్‌కి ముందు "షీ మస్ట్ నాట్ ఈట్" అన్నదాన్ని "తినక్కర్లేదట" అని చెప్పి ఉంటే? నిజానికి "కూడదు", "అక్కర్లేదు" అనే రెండు వేర్వేరు మాటలు మనకి పుట్టుకతో వచ్చినవే, ఎప్పుడూ కలిపేసుకోం. కాబట్టి ఇంగ్లీషు వాక్యం వినగానే దాన్ని ఆ రెండింట్లో ఏదో ఒక డబ్బాలో వేసి చూసుకోండి, తప్పు జరగదు.

జరిగిపోయిన సంగతి చెప్పేటప్పుడు కూడా మన భాషే చెయ్యి అందిస్తుంది. "ఐ హ్యాడ్ టు గో" అంటే వెళ్ళాల్సి వచ్చింది, వెళ్ళాను. "ఐ షుడ్ హ్యావ్ గాన్" అంటే వెళ్ళాల్సింది, వెళ్ళలేదు. ఇంటర్వ్యూల్లో దీనితో కొంపలు మునుగుతాయి. "పోయిన శుక్రవారం రిపోర్టు ఇవ్వాల్సి వచ్చింది, రాత్రంతా కూర్చుని ఇచ్చాను" అని గొప్పగా చెప్పబోయి "ఐ షుడ్ హ్యావ్ సబ్మిటెడ్ ది రిపోర్ట్" అంటారు. అవతలివాళ్ళు ఇతను రిపోర్టు ఎగ్గొట్టాడని రాసుకుంటారు. పైగా ఈ అర్థంలో మస్ట్‌కి భూతకాలం లేదు. "హీ మస్ట్ హ్యావ్ గాన్" అంటే "వెళ్ళి ఉంటాడు" అనే ఊహ అయిపోతుంది, బాధ్యత కాదు. అందుకే పాత సంగతికి మస్ట్ బదులు ఎప్పుడూ హ్యాడ్ టు.

చివరికి ఆట్ టు. దీని గురించి ఎక్కువ దిగులు పడకండి. బలంలో షుడ్ పక్కనే కూర్చుంటుంది, చాలా చోట్ల ఒకదాని బదులు ఇంకోటి వేసినా ఎవరూ పట్టించుకోరు. వాసన మాత్రం కొంచెం వేరు: షుడ్‌లో "నా ఉద్దేశంలో ఇది మంచిది" అని ఉంటే, ఆట్ టు‌లో "న్యాయంగా చూస్తే ఇలా చెయ్యడం పద్ధతి" అని ఉంటుంది. మా ఆఫీసులో రిటైరవ్వబోతున్న ఒకాయన, ఇంకో సహోద్యోగి ఆస్పత్రిలో ఉన్నప్పుడు "వుయ్ ఆట్ టు గో అండ్ సీ హర్" అన్నాడు. మనం "ఒకసారి వెళ్ళి చూసి రావాలి, లేకపోతే బాగుండదు" అంటాం కదా, సరిగ్గా అదే స్వరం. కుర్రవాళ్ళ నోట ఇది తక్కువ. ప్రశ్నలో, "నాట్"తో ఐతే మరీ అరుదు, అక్కడ అందరూ షుడ్‌కే వెళ్ళిపోతారు, మీరూ అలాగే చెయ్యండి. వింటే అర్థమైతే చాలు, వాడకపోయినా లోటు లేదు. వాడితే మాత్రం ఆట్ వెనకాల టు ఉండి తీరాలి, షుడ్, మస్ట్ వెనకాల టు రాకూడదు. "షుడ్ టు గో" అని మనవాళ్ళ మెయిల్స్‌లో తరచూ కనిపించేది ఈ రెండూ కలిసిపోవడం వల్లే.