చిప్ప చుట్టూ నొప్పి... మాస్టర్‌కు ఏమని రాయాలి?

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. తిరుపతిలో ఉంటాం. మూడు నెలలుగా వారానికి మూడు రోజులు జిమ్‌కు వెళ్తున్నాను. పోయిన నెల స్క్వాట్స్ బరువు 20 కిలోల నుంచి 30కి పెంచి, బాక్స్ జంప్స్ కూడా మొదలుపెట్టించారు. అప్పటి నుంచి మూడు వారాలుగా కుడి మోకాలి చిప్ప చుట్టూ నొప్పి. మెట్లు దిగుతున్నా, చాలాసేపు కూర్చొని లేచినా ఎక్కువవుతోంది. వాపు లేదు. మాస్టర్‌కు చెబితే ‘కొత్తలో అంతేనమ్మా’ అంటున్నారు. మానేయడం ఇష్టం లేదు. అలిపిరి మెట్లెక్కి వస్తానని మొక్కు కూడా ఉంది. ఆయనకు ఏమని రాయాలి?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: కొత్తలో తొడలు పట్టేస్తాయి, నాలుగైదు రోజుల్లో సర్దుకుంటాయి. మూడు వారాలుగా ఒకే మోకాల్లో, ఒకే చోట ఉన్న నొప్పి ఆ కోవలోది కాదు. అలాగని అరుగుదల వచ్చేసిందని టెన్షన్ పడొద్దు. మీరు రాసినదాన్ని బట్టి ఇది చిప్పకూ దాని వెనకున్న తొడ ఎముకకూ మధ్య ఒత్తిడి పెరిగి వచ్చిన నొప్పిలా ఉంది. బరువు మోస్తూ మోకాలు ఎంత లోతుగా వంచితే చిప్ప అంత గట్టిగా ఎముకకు నొక్కుకుంటుంది. బరువు పెరగడం, గెంతడం రెండూ ఒకేసారి వచ్చేసరికి మోకాలు తట్టుకోలేకపోయింది. ఇప్పటికిప్పుడు ఎమ్మారై అక్కర్లేదు.

ట్రైనర్‌కు ‘నొప్పి’ అన్న ఒక్క మాట చాలదు. ఎక్కడ, ఎప్పుడు, ఎంత అన్నది తెలిస్తేనే ప్లాన్ మార్చగలరు. ఇలా రాయండి, అంకెలు మాత్రం మీవి వేసుకోండి:

“మాస్టర్ గారూ, నా కుడి మోకాలి చిప్ప చుట్టూ మూడు వారాలుగా నొప్పి. స్క్వాట్స్ 30 కిలోలకు పెంచి, జంప్స్ మొదలుపెట్టాక వచ్చింది. పదికి లెక్కేస్తే మామూలు నడకలో 1, మెట్లు దిగేటప్పుడు 5, వర్కౌట్ చేసిన మర్నాడు పొద్దున 3 ఉంటోంది. వాపు లేదు, మోకాలు పట్టేయడం లేదు. జిమ్ మానను. ఆరు వారాల పాటు జంప్స్, లంజెస్ ఆపుదాం. స్క్వాట్స్ 20 కిలోలకు తగ్గించి, బెంచీ మీద రెండు మ్యాట్‌లు వేసి, అక్కడి దాకే కూర్చొని లేచేలా చేయించండి. మిగిలిన టైమ్‌లో గ్లూట్ బ్రిడ్జ్, పక్కకు పడుకొని కాలెత్తడం ఇవ్వండి. చేతులు, వీపు వ్యాయామాలు ఎప్పటిలాగే ఉండనీయండి. ప్రతి శనివారం నొప్పి అంకె మీకు చెబుతాను.”

పిరుదుల వ్యాయామాలు ఎందుకని ఆయన అడగొచ్చు. మా ఓపీలో మంచం ఎక్కడానికి ఒక చిన్న స్టూల్ ఉంటుంది. ఇలాంటి నొప్పితో వచ్చినవాళ్లను దాని మీది నుంచి మెల్లగా ఒక కాలు కిందికి దించమంటాను. చాలామందికి స్టూల్ మీదున్న కాలి మోకాలు బొటనవేలిని దాటి లోపలికి వాలిపోతుంది. తుంటి పక్క కండరం పట్టి ఉంచలేకపోవడం దానికి ఒక కారణం. ఇంట్లో కింది మెట్టు మీద నిలబడి, ఎవరిచేతనైనా ఎదురుగా వీడియో తీయించండి. మీకూ అలా వాలితే ఆ వీడియో కూడా మాస్టర్‌కు పంపండి. ఉత్తరం కన్నా అదే ఎక్కువ చెబుతుంది.

వ్యాయామం చేసేటప్పుడు నొప్పి 3 దాటకుండా ఉండి, మర్నాడు పొద్దుటికి మామూలు స్థితికి వచ్చేస్తే ఆ మోతాదు సరిపోయినట్టే. మర్నాడూ ఎక్కువగానే ఉంటే తర్వాతి సారి బరువో, లోతో తగ్గించాలి. రెండు వారాలు హాయిగా సాగితే ఒక మ్యాట్ తీసేయండి. అది కుదిరాకే బరువు పెంచండి. రెండూ ఒకే వారంలో వద్దు. లెగ్ ఎక్స్‌టెన్షన్ మెషీన్ మీద కాలు పూర్తిగా చాపే చివరి భాగంలో చిప్ప మీద ఒత్తిడి ఎక్కువ, అందుకే ప్రస్తుతానికి దాన్ని పక్కన పెట్టండి. జిమ్‌కు వెళ్లేముందు నొప్పి మాత్ర వేసుకోవడం మాత్రం చేయకండి. మాత్ర వేసుకుంటే మీరు రాసే అంకెలన్నీ తప్పవుతాయి.

ఇక మొక్కు సంగతి. అలిపిరి దారిలో 3,550 మెట్లు. మీ మోకాలికి ఎక్కడం కన్నా దిగడమే కష్టం. ఇంటి మెట్లు దిగేటప్పుడు నొప్పి 2కు తగ్గాక వెళ్లండి, నడిచి ఎక్కి బస్సులో దిగండి. మోకాళ్ల మెట్ల దగ్గర కొందరు మోకాళ్లతో ఎక్కుతారు. ఈసారికి మీరు పాదాలతోనే ఎక్కండి, స్వామి ఏమీ అనుకోడు.

మోకాలు వాచినా, మధ్యలో పట్టేసి చాపుకోలేకపోయినా, నడుస్తుంటే పట్టుతప్పినా, రాత్రి నొప్పికి నిద్ర లేస్తున్నా ఆరు వారాలు ఆగకుండా ఎముకల డాక్టర్‌కు చూపించండి. ఇవేవీ లేకపోయినా, ఆరు వారాలకు శనివారం అంకె తగ్గకపోతే అప్పుడూ చూపించాలి. వచ్చేటప్పుడు ఆ అంకెలు రాసుకున్న కాగితం తెచ్చుకోండి.