‘98 శాతం సక్సెస్’ ఫ్లెక్సీ కింద ‘షరతులు వర్తిస్తాయి’ అని రాస్తే సరిపోతుందా?

ప్రశ్న: కరీంనగర్‌లో మాకు జేఈఈ కోచింగ్ సంస్థ ఉంది. 2025లో పూర్తయిన రెండేళ్ల కోర్సులో 180 మంది చేరారు. 24 మంది మధ్యలో మానేశారు, 156 మంది మెయిన్ రాశారు, 61 మంది అడ్వాన్స్‌డ్‌కు అర్హత సాధించారు. ఆ 61 మందిలో 49 మంది మా స్టార్ బ్యాచ్‌వాళ్లే, ఆ బ్యాచ్‌లో ఉన్నది 50 మంది. అందుకే ఫ్లెక్సీపై ‘98 శాతం సక్సెస్’ అని వేశాం. 40 రోజుల క్రాష్ కోర్సు చేసిన ఒక అమ్మాయి ఫొటో కింద ‘ఆలిండియా 214’ అని వేశాం, అది ఈడబ్ల్యూఎస్ ర్యాంకు. అడుగున ‘షరతులు వర్తిస్తాయి’ అని ఉంది. ఒక విద్యార్థి తండ్రి ఫిర్యాదు చేస్తానంటున్నారు. మేం చేసింది తప్పా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: తప్పే. ‘షరతులు వర్తిస్తాయి’ అన్న ముక్క మిమ్మల్ని కాపాడదు. మాట నిజమై, కాస్త అసంపూర్ణంగా ఉన్నప్పుడు దాన్ని పూర్తి చేయడానికే షరతు పనికొస్తుంది. తప్పుదారి పట్టించే మాటను షరతుతో సరిదిద్దుకోవడం కుదరదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2022లో తెచ్చిన ప్రకటనల మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. పైగా మీరు షరతులు ఉన్నాయన్నారే తప్ప, అవేమిటో రాయలేదు.

కోచింగ్ సంస్థల ప్రకటనల కోసం అదే సంస్థ 2024 నవంబరులో విడిగా మార్గదర్శకాలు ఇచ్చింది. 50 మందికి మించి విద్యార్థులున్న కేంద్రాలకు అవి వర్తిస్తాయి కాబట్టి మీరు వాటి పరిధిలోకే వస్తారు. అంతకంటే చిన్న సంస్థ అయినా 2019 నాటి వినియోగదారుల పరిరక్షణ చట్టం నుంచి తప్పించుకోలేదు. ముఖ్యమైన సమాచారాన్ని కావాలని దాచినా ఆ చట్టం దృష్టిలో అది తప్పుదారి పట్టించే ప్రకటనే.

ముందు 98 శాతం సంగతి చూద్దాం. 50లో 49 అంటే 98 శాతమే, లెక్క తప్పు కాదు. కానీ రోడ్డు మీద ఫ్లెక్సీ చూసిన తండ్రికి అది మొత్తం సంస్థ ఫలితంలా కనిపిస్తుంది. చేరిన 180 మందిని తీసుకుంటే మీ ఫలితం దాదాపు 34 శాతం. పరీక్ష రాసిన 156 మందిని తీసుకుంటే 39 శాతం. ఈ రెండింటిలో 180నే ఆధారంగా పెట్టుకోమని నా సలహా. ఫీజు కట్టబోయే తల్లిదండ్రులు తమ పిల్లవాణ్ని చేరిన రోజు లెక్కలో చూసుకుంటారు గానీ, పరీక్ష దాకా మిగిలినవాళ్ల లెక్కలో కాదు. వెనకబడిన పిల్లల్ని మధ్యలోనే వదిలించుకున్న సంస్థ శాతం ఊరికే పెరిగిపోతుంది, అందుకే మానేసినవారి సంఖ్య దాచకూడదు.

‘సక్సెస్’ అన్న మాట కూడా తీసేయండి. జేఈఈ మెయిన్‌లో పాస్, ఫెయిల్ ఉండవు. అడ్వాన్స్‌డ్‌కు అర్హత సాధించే సుమారు రెండున్నర లక్షల మందిలో చేరడం ఒకటి, ఐఐటీలో సీటు రావడం మరొకటి. అర్హత కటాఫ్ కూడా కేటగిరీని బట్టి మారుతుంది. కాబట్టి ‘అడ్వాన్స్‌డ్‌కు అర్హత’ అనే రాయండి. పర్సంటైల్‌ను మార్కుల శాతంలా చూపడం కూడా ఇలాంటి తప్పే.

శాతం వేసేముందు రెండు విషయాలు సరిచూసుకోండి. జనవరిలో, ఏప్రిల్‌లో రెండుసార్లూ రాసిన విద్యార్థిని ఒక్కసారే లెక్కించారా? క్రాష్ కోర్సు అమ్మాయి ఆ 61 మందిలో ఉందా? ఉంటే, 180లో లేని మనిషిని ఫలితంలో కలిపినట్టే. అప్పుడు లెక్కే తప్పుతుంది, ఏ షరతూ దాన్ని నిలబెట్టలేదు.

ఇలా రాస్తే నిజం నిలబడుతుంది: ‘జేఈఈ మెయిన్ 2025: మా రెండేళ్ల కోర్సులో చేరినవారు 180. పరీక్ష రాసినవారు 156. అడ్వాన్స్‌డ్‌కు అర్హత సాధించినవారు 61.’ స్టార్ బ్యాచ్ గురించి చెప్పుకోవాలంటే దాని పక్కనే ‘ప్రవేశ పరీక్ష పెట్టి ఎంచుకున్న 50 మంది బ్యాచ్‌లో 49’ అని వేయండి. ముందే ఏరుకున్న పిల్లలన్న సంగతి చెప్పకపోతే ఆ 49 మళ్లీ మోసంగానే మిగులుతుంది. మీరు వాళ్లను మరో పద్ధతిలో ఎంచుకుని ఉంటే ఆ పద్ధతే రాయాలి.

అక్షరాల సైజులో చాలామంది దొరికిపోతారు. 61 అన్న అంకెను అడుగు ఎత్తున వేసి, 180ని వేలెడు అక్షరాల్లో వేస్తే లాభం లేదు. షరతు అక్షరాలు ప్రధానమైన మాట అక్షరాల సైజులోనే ఉండాలి. మాట తెలుగులో ఉంటే షరతు కూడా తెలుగులోనే ఉండాలి. ఆటోలో మైక్ కట్టి చెప్పించినా, వీడియోలో చదివించినా షరతును గబగబా దాటించకుండా అదే వేగంతో చెప్పించండి.

ఇక ర్యాంకు. ‘ఆలిండియా 214’ అని చూస్తే ఎవరైనా కామన్ ర్యాంక్ లిస్టులో 214 అనే అనుకుంటారు. ఆ అమ్మాయి స్కోర్‌కార్డులో రెండు ర్యాంకులూ ఉంటాయి, రెండూ వేయండి. ఉదాహరణకు కామన్ ర్యాంకు 1,870 అనుకుంటే ఫొటో కింద ఆమె పేరుతోపాటు ఇలా ఉండాలి: ‘జేఈఈ మెయిన్ 2025. కామన్ ర్యాంకు 1,870. ఈడబ్ల్యూఎస్ ర్యాంకు 214. మా దగ్గర చదివింది: 40 రోజుల క్రాష్ కోర్సు, ఫీజు చెల్లించి.’ పేరు, ర్యాంకు, కోర్సు, ఆ కోర్సుకు ఫీజు కట్టారా లేదా అన్నవి ఫొటోతోపాటే చెప్పాలన్నది 2024 మార్గదర్శకాల నియమం. ఆమె ఉచితంగా చదివి ఉంటే ‘ఉచితం’ అనే రాయాలి.

ఈ నియమం ఎందుకు అవసరమైందో చెప్పే కేసు ఒకటుంది. సివిల్స్ 2022 ఫలితాల్లో తమవాళ్లు 216 మందికి పైగా ఎంపికయ్యారని ఢిల్లీకి చెందిన పెద్ద కోచింగ్ సంస్థ ఒకటి ప్రకటించుకుంది. వాళ్లలో 162 మంది తీసుకున్నది ఉచిత ఇంటర్వ్యూ శిక్షణ మాత్రమేనని తేలింది. ప్రిలిమ్స్, మెయిన్స్ తమంతట తామే గట్టెక్కినవాళ్లను చూపించి పూర్తి కోర్సులు అమ్మినట్టయింది. ఆ సంస్థకు 5 లక్షల రూపాయల జరిమానా పడింది. మీ క్రాష్ కోర్సు అమ్మాయి ఫొటోతో రెండేళ్ల కోర్సుకు పిల్లల్ని పిలవడం కూడా ఇదే కోవలోకి వస్తుంది.

ఆమె రాతపూర్వక సమ్మతి ఉందా? అడ్మిషన్ ఫారంలో ‘నా ఫొటో వాడుకోవచ్చు’ అన్న వాక్యం కింద తీసుకున్న సంతకం చెల్లదు. ఫలితం వచ్చిన తర్వాత తీసుకున్న సమ్మతే కావాలి. ఫొటో కింద వేయబోయే వాక్యాన్ని ఆ కాగితంలోనే రాసి సంతకం తీసుకోండి. 18 ఏళ్లు నిండకపోతే తల్లి లేదా తండ్రి సంతకం కూడా తీసుకోవడం మంచిది.

ఫ్లెక్సీలు ఈరోజే దించండి. అదే డిజైన్ వాట్సాప్ స్టేటస్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో, యూట్యూబ్‌లో, కరపత్రాల్లో మిగిలిపోతే ప్రకటన ఇంకా నడుస్తున్నట్టే. దించిన తేదీ తెలిసేలా ఫొటోలు తీసి పెట్టుకోండి. చేరిన 180 మంది రిజిస్టరు, ఫీజు రసీదులు, స్కోర్‌కార్డులు, సమ్మతి పత్రాలు ఒకే ఫైలులో ఉంచండి. ప్రకటనలోని ప్రతి అంకెకూ అందులో కాగితం దొరకాలి. దొరకని అంకెను వేయకండి.

ఆ తండ్రి 1915 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయవచ్చు, జిల్లా కలెక్టర్‌కూ ఫిర్యాదు ఇవ్వవచ్చు. విషయం ప్రాధికార సంస్థ దాకా వెళితే మొదటి తప్పుకు 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేసే అధికారం దానికి ఉంది. ప్రకటన ఎంతకాలం, ఎంతమందిపై ప్రభావం చూపిందో కూడా లెక్కలోకి తీసుకుంటుంది కాబట్టి త్వరగా దించడం మీకు ఉపయోగపడుతుంది. నోటీసు వస్తే గడువులోగా ఈ ఫైలుతో జవాబివ్వండి. ఆదేశం మీకు వ్యతిరేకంగా వస్తే 30 రోజుల్లోగా జాతీయ వినియోగదారుల కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు.

ఫిర్యాదు వద్దని ఆయన్ని బతిమాలడం కంటే, సరిదిద్దిన ప్రకటన కాపీని మీ సంతకంతో ఆయనకు పంపండి. ఆ 98 శాతం చూసే పిల్లవాణ్ని చేర్పించానని ఆయన అంటే, మిగిలిన కోర్సు ఫీజు వెనక్కివ్వడానికి సిద్ధపడండి.