నవంబరు 15 మంచిదా, 26 మంచిదా?

"మా అమ్మాయి 14న, అబ్బాయి 24న పుట్టారు. పురోహితులు వాళ్ల పెళ్లికి 2026 నవంబరు 15, 26 చెప్పారు. సంఖ్యాశాస్త్రం ప్రకారం ఏది మంచిదండీ?"

15 ఖాయం చేసుకోండి. అమ్మాయి జన్మసంఖ్య 1+4=5, బుధుడిది. అబ్బాయిది 2+4=6, శుక్రుడిది. ఇవి మిత్రసంఖ్యలు. 15ను కూడినా 6 వస్తుంది. శుక్రుడు కళత్రకారకుడు కాబట్టి పెళ్లికి ఈ సంఖ్యనే ముందు వెతుకుతారు. నెల, సంవత్సరం కలిపితే 1+5+1+1+2+0+2+6=18, అంటే 9. అదీ 6కు అనుకూలమే.

26 కూడితే 8, శని సంఖ్య. పెళ్లికి దీన్ని వదిలేస్తారు. మొత్తం తేదీ కూడితే 2 వస్తుంది కదా అని కొందరు సరిపెట్టుకుంటారు, కానీ ముందు చూడవలసింది రోజు సంఖ్యే.

ఈ నమ్మకపు లెక్కలో తిథి, నక్షత్రాల ప్రస్తావన ఉండదు. తారాబలం పురోహితులనే అడగండి.