మార్చి జీతం ఏప్రిల్‌లో ఇస్తే అది ఏ ఏడాది ఖర్చు?

ప్రశ్న: మాది అనంతపురంలో చిన్న రెడీమేడ్ బట్టల షాపు. నలుగురు పనిచేస్తారు. జీతాలు 14,000, 12,000, ఇద్దరికి 9,000 చొప్పున. మార్చి జీతం ఏప్రిల్ 5న ఇస్తాను. 14,000 జీతం ఆయన మార్చి 20న 3,000 అడ్వాన్సు తీసుకున్నాడు. కరెంటు రీడింగు ఏప్రిల్ 8న తీశారు, బిల్లు 6,200. ఇన్నేళ్లూ డబ్బు కట్టిన రోజే ఖర్చు రాసుకున్నాను. ఎలా రాసినా ఏడాదికి 12 నెలలే కదా? లోను కోసం వెళ్తే ఆడిటరు గారు మార్చి 31కి బకాయిలు రాయాలంటున్నారు. ఎలా రాయాలి?

జవాబు: మీ మాటలో నిజం లేకపోలేదు. మీ జీతాల ఖాతాలో 12 నెలలే ఉన్నాయి. కాకపోతే అవి నిరుటి మార్చి నుంచి ఈ ఫిబ్రవరి దాకా ఉన్న 12 నెలలు. జీతాలు పెద్దగా పెరగకపోతే లాభంలో తేడా కొంచెమే వస్తుంది. అసలు తేడా ఆస్తి అప్పుల పట్టీలో ఉంది. మార్చి 31 రాత్రి మీ బ్యాంకులో ఉన్న డబ్బులో కొంత అప్పటికే మీ పనివాళ్లకూ కరెంటు సంస్థకూ బాకీ పడినది. ఆ బాకీ పట్టీలో లేకపోతే షాపు దగ్గర ఉన్నదానికన్నా ఎక్కువ ఉన్నట్టు కనబడుతుంది. లోను ఇచ్చేవాళ్లు చూసేది ఆ పట్టీనే. పైగా సరుకు కొనుగోళ్లు బిల్లు తేదీకి రాస్తూ, జీతాలు మాత్రం డబ్బిచ్చిన తేదీకి రాస్తే ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. ఏ పద్ధతి పట్టుకున్నా అన్నిటికీ అదే ఉండాలి.

ముందు జీతాలు చూద్దాం. మార్చి నెల పనికి మీ ఖర్చు 44,000. ఇందులో అడ్వాన్సు తీసేయకండి, ఎందుకంటే ముందుగా ఇచ్చిన 3,000 కూడా మార్చి పనికే పోయింది. తగ్గేది ఖర్చు కాదు, మీరు ఇంకా ఇవ్వాల్సిన బాకీ. అందుకని మార్చి 31 తేదీతో ఇలా రాయండి:

జీతాల ఖాతా – డెబిట్ 44,000
చెల్లించాల్సిన జీతాలు – క్రెడిట్ 41,000
సిబ్బంది అడ్వాన్సు – క్రెడిట్ 3,000

ఈ ఎంట్రీ వేసేముందు మార్చి 20 నాటి చీటీ తీసి చూడండి. చాలా షాపుల్లో అడ్వాన్సు ఇచ్చిన రోజే దాన్ని జీతాల ఖర్చులో రాసేస్తారు. మీరూ అలాగే రాసి ఉంటే ఆ 3,000 ఖర్చులో రెండుసార్లు పడుతుంది. గుర్తుపట్టడం తేలిక: ఈ ఎంట్రీ తర్వాత ఆ మనిషి అడ్వాన్సు ఖాతా సున్నాకి రావాలి. 3,000 మైనస్‌లో కనబడితే, మార్చి 20 నాటి రాత తప్పు ఖాతాలో పడిందన్నమాట. ముందు దాన్ని దిద్దండి.

ఇక కరెంటు. బిల్లు మీద రెండు రీడింగు తేదీలు ఉంటాయి. మీది మార్చి 8 నుంచి ఏప్రిల్ 8 వరకు, అంటే 31 రోజులు. రోజుకి 200 పడింది. మార్చి 9 నుంచి 31 వరకు 23 రోజులు కాబట్టి 4,600 పాత ఏడాది ఖర్చు. మిగిలిన 8 రోజుల 1,600 కొత్త ఏడాదిది. మార్చి 31 తేదీతో కరెంటు ఖర్చు డెబిట్ 4,600, చెల్లించాల్సిన కరెంటు బిల్లు క్రెడిట్ 4,600. ఎండాకాలంలో ఫ్యాన్లు, ఏసీ వాడకం రోజుకో తీరుగా ఉంటుంది కదా అంటే, నిజమే. అయినా ఈ పరిమాణంలో షాపుకి రోజుల లెక్క చాలు. బిల్లు వారంలో వస్తుంది కాబట్టి ఉజ్జాయింపు అంకె వేసి తర్వాత దిద్దుకునే పని కూడా పెట్టుకోకండి.

జాగ్రత్త పడాల్సింది బిల్లులో 'పాత బకాయి' ఉన్నప్పుడు. మార్చి 8 రీడింగు బిల్లు మీరు మార్చిలో కట్టకపోతే, ఆ మొత్తం ఏప్రిల్ బిల్లులో కలిసి వస్తుంది. రోజులతో భాగించే ముందు దాన్ని పక్కకు తీయండి. అది మొత్తంగా పాత ఏడాదిదే, అందులో ఒక్క రూపాయి కూడా ఏప్రిల్‌కి రాదు.

తప్పులు ఎక్కువగా జరిగేది ఏప్రిల్‌లో. 5వ తేదీన జీతాలిచ్చినప్పుడు అలవాటు కొద్దీ మళ్లీ జీతాల ఖర్చులో రాస్తారు. అప్పుడు మార్చి జీతం రెండు ఏళ్లలోనూ ఖర్చవుతుంది, బాకీ మాత్రం పట్టీలో అలాగే ఉండిపోతుంది. ఇచ్చిన 41,000 'చెల్లించాల్సిన జీతాలు' ఖాతాకే డెబిట్ చేయాలి. కరెంటు బిల్లు కట్టినప్పుడు 4,600 బాకీ ఖాతాకి, 1,600 కొత్త ఖర్చుకి. ఏప్రిల్ నెలాఖరుకి ఆ రెండు బాకీ ఖాతాలు సున్నా అయ్యాయా లేదా చూసుకుంటే సరిపోతుంది. మీరు ట్యాలీ వాడుతుంటే మార్చి 31 ఎంట్రీని F7 నొక్కి మామూలు Journal లోనే వేయండి. Reversing Journal అనే పేరు చూసి, ఏప్రిల్‌లో తానే తిరగబడుతుందని కొందరు అందులో వేస్తారు. అది అసలు ఖాతాల్లోకి ఎక్కదు, సినారియో పెట్టి చూసే రిపోర్టులో మాత్రమే కనబడుతుంది. మీ లాభనష్టాల్లో 44,000 రాకుండానే పోతుంది.

ఏప్రిల్‌లో జీతాలు ఎలా ఇస్తున్నారన్నది కూడా ముఖ్యం. మార్చిలో ఖర్చుగా చూపించిన బాకీని తర్వాతి ఏడాది ఒకే మనిషికి ఒకే రోజు 10,000 దాటి నగదుగా ఇస్తే, ఆ మొత్తాన్ని ఇచ్చిన ఏడాది ఆదాయంగా లెక్కగడతారు. మీ దగ్గర అడ్వాన్సు పోగా 11,000 అందుకునే ఆయన, 12,000 అందుకునే ఆయన ఇద్దరూ ఈ గీత దాటుతున్నారు. చేతికి నగదిస్తే 23,000 మీ ఆదాయంలో కలుస్తుంది. ఇద్దరికీ బ్యాంకు ఖాతాలో వేయండి, లేదా యూపీఐలో పంపండి. 9,000 వాళ్లకు నగదిచ్చినా ఇబ్బంది లేదు. టర్నోవరు మీద శాతం లెక్కన అంచనా ఆదాయం చూపి పన్ను కట్టేవాళ్లయితే ఈ నగదు గీత గానీ, బకాయిల రాత గానీ పన్నును మార్చవు. బ్యాంకుకి ఇచ్చే పట్టీ మాత్రం సరిగ్గా ఉండాల్సిందే.

చివరగా, పద్ధతి మార్చే మొదటి ఏడాదికి మాత్రమే వచ్చే చిక్కు ఒకటుంది. నిరుటి మార్చి జీతాలు 40,000 మీరు నిరుడు ఏప్రిల్‌లో ఇచ్చారనుకుందాం. తర్వాత 11 నెలలు 44,000 చొప్పున 4,84,000. రెండూ కలిపి ఖాతాలో 5,24,000 ఉంది. దీని మీద ఈ మార్చి 44,000 వేస్తే 5,68,000 అవుతుంది, అంటే ఒకే ఏడాదిలో 13 జీతాలు. లాభం ఉన్నట్టుండి పడిపోయి, లోను కాగితాల్లో అదే ముందు కంటికి కనబడుతుంది. నిరుటి 40,000ను ఈ ఏటి జీతాల్లోంచి తీసి మీ మూలధనం ఖాతాకి డెబిట్ చేస్తే ఏడాది జీతాలు 5,28,000 దగ్గర ఆగుతాయి, అదే అసలు ఖర్చు. నిరుటి ఏప్రిల్ కరెంటు బిల్లులో మార్చి 31 వరకు పడిన భాగాన్నీ ఇలాగే తీయండి. ఆ 40,000 పన్ను లెక్కలో ఎక్కడికి వెళ్లాలన్నది ఇన్నాళ్లూ మీ రిటర్నుల్లో ఏ లెక్కల పద్ధతి ప్రకటించారన్న దాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి రిటర్ను వేయకముందే నిరుటి మార్చి జీతాల చీటీ, ఏప్రిల్ చెల్లింపుల వివరాలు, పాత రిటర్ను కాపీ మూడూ ఆడిటరు గారి చేతిలో పెట్టండి.