కుండ చల్లబడని రోజున మనిషీ చల్లబడడు

"మే నెలలో 42 డిగ్రీల ఎండలో పని చేసిన మనిషి జూలైలో 35 డిగ్రీలకే ఎందుకు సొమ్మసిల్లుతాడు? హీట్ ఇండెక్స్, డ్యూ పాయింట్ లెక్కలకు నిజంగా అర్థం ఉందా?"

అర్థం ఉంది. మా ఇంట్లో జరిగినదే చెబుతాను. మాది మిర్యాలగూడ దగ్గరి పల్లె, మా అక్కను ఇచ్చింది మహబూబ్‌నగర్ వైపు మెట్ట ఊరికి. రెండేళ్ల క్రితం మే నెలలో మా బావ 42 డిగ్రీల ఎండలో తన చేను గట్టుకు రాళ్లు మోశారు. మధ్యాహ్నం కాసేపు వేపచెట్టు కింద నడుము వాల్చి మళ్లీ పనిలోకి దిగారు. అదే మనిషి జూలైలో మా బోరు కింద నాట్లకు సాయం వచ్చి, పదకొండున్నర ప్రాంతంలో నారు కట్టలు అందిస్తూ అందిస్తూ గట్టు మీద కూలబడ్డారు. చొక్కా పిండితే నీళ్లు కారేలా ఉంది, పిక్కలు పట్టేశాయి, రెండుసార్లు వాంతి చేసుకున్నారు. ఫోనులో చూస్తే 35 డిగ్రీలు, తేమ 60 శాతం.

ఆ ఉదయం మా అమ్మ అన్న మాట నాకు తర్వాత గుర్తొచ్చింది: "కుండల నీళ్లు ఇయ్యాల సల్లగ లేవు." అసలు సంగతంతా ఆ మాటలోనే ఉంది. కుండ గోడల్లోంచి ఊరిన నీరు ఆవిరవుతూ లోపలి నీటి వేడిని తీసుకుపోతుంది, మన చెమట చేసేదీ అదే పని. గాలి 35 డిగ్రీలకు చేరితే అది మన చర్మమంత వేడిగా ఉన్నట్టే కనుక, గాలి తగిలినంత మాత్రాన ఒంట్లోని వేడి బయటికి పోదు. చెమట ఆరడం ఒక్కటే దారి. కష్టపడి పని చేసే మనిషి ఒంట్లో పుట్టే వేడి పోవాలంటే గంటకు సుమారు అర లీటరుకు పైగా చెమట ఆవిరి కావాలి. కారితే సరిపోదు, ఆవిరి కావాలి. బావ చొక్కాలోంచి కారిన చెమట ఆయన ఒంట్లోని నీటిని, ఉప్పును తీసుకుపోయిందే గాని వేడిని తీసుకుపోలేదు.

చెమట ఎంత వేగంగా ఆరుతుందన్నది చర్మం మీది ఆవిరి ఒత్తిడికీ గాలిలోని ఆవిరి ఒత్తిడికీ ఉన్న తేడాను బట్టి ఉంటుంది. తడి చర్మం దగ్గర ఆ ఒత్తిడి 56 మిల్లీబార్లు అనుకుందాం. మే నెలలో 42 డిగ్రీలు, 15 శాతం తేమ ఉన్న గాలిలో అది సుమారు 12, కనుక తేడా 44. మా నాట్ల రోజున గాలిలో దాదాపు 34 ఉంది, తేడా 22. అంటే చెమటను లాగే బలం సరిగ్గా సగానికి పడిపోయింది. పైగా చుట్టూ నీరు నిలిచిన మడి, గాలి ఆడదు.

హీట్ ఇండెక్స్ ఈ తేడానే డిగ్రీల్లో చెబుతుంది: మే నెలలోని ఆ 42 ఒంటికి 40 లాగే తోస్తుంది, జూలైలోని 35 మాత్రం 45 లాగా తోస్తుంది. అది కూడా నీడలో, కొద్దిగా గాలి ఉన్నప్పటి లెక్క; ఎండలో నిలబడి పని చేసేవాడికి ఇంకా ఎక్కువ. వార్తల్లో మాత్రం మైదాన ప్రాంతంలో 40 దాటితే గాని వడగాలి అన్న మాట వినపడదు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం, ఎందుకంటే నాట్లు వేసేవాళ్లు పడిపోయేది వడగాలి లేని రోజుల్లోనే.

తేమ శాతం కూడా మోసం చేస్తుంది. తెల్లవారుజామున 90 శాతం ఉన్నా హాయిగానే ఉంటుంది, మధ్యాహ్నం 60కి దిగినా ఊపిరాడదు. గాలిలోని ఆవిరి మారకపోయినా వేడి పెరిగితే శాతం తగ్గుతుంది కాబట్టి. గాలిలోని ఆవిరి నీటిబొట్లుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రతే డ్యూ పాయింట్, అది అలా మారదు. స్టీలు గ్లాసులో నీళ్లు పోసి, థర్మామీటరు పెట్టి, కొంచెం కొంచెంగా ఐసు వేస్తూ కలపండి; గ్లాసు బయట మొదట మసక పట్టినప్పటి అంకె అదే. ఆ మే నెల గాలికి అది సుమారు 10, నాట్ల రోజు గాలికి 26. నన్నడిగితే వాతావరణ వార్తల్లో శాతానికి బదులు ఈ ఒక్క అంకె చెబితే చాలు.

బావకు మొదట తువ్వాలుతో విసిరాము, ఏమీ తేడా రాలేదు, ఒంటి మీది తడి ఆరనే లేదు. చొక్కా విప్పించి బోరు నీళ్లు ధారగా పోస్తే పావుగంటకు తేరుకున్నారు. ఆ నీళ్లు ఒంటికన్నా చల్లన కనుక ఆవిరితో పని లేకుండానే వేడిని లాగేశాయి. వాంతి తగ్గాక ఉప్పు వేసిన మజ్జిగ కొద్దికొద్దిగా ఇచ్చాము. మాట తడబడినా, మనిషిని గుర్తుపట్టకపోయినా నీళ్లు పోయడం ఆపకుండానే 108కి ఫోన్ చేయాలి.

పొడి ఎండ మంచిదని దీని అర్థం కాదు. అక్కడ చెమట కనపడకుండానే ఆరిపోతుంది, దాహం తెలిసేసరికి ఒంట్లో నీళ్లు అడుగంటుతాయి. కాని తాగడానికి నీళ్లు, కూర్చోవడానికి నీడ ఉంటే మే నెల మనిషిని కోలుకోనిస్తుంది. ఉక్కపోతలో నీడలో కూర్చున్నా చెమట సరిగా ఆరదు. అందుకే ఇప్పుడు మా ఇంట్లో నాట్ల రోజున గ్లాసు 24 దగ్గరే మసక పడితే, పదింటికల్లా నారు మోత ఆపేస్తాము.