కాంతమ్మ మాటలు కొయ్యకు

అమ్మాయీ,

నీ కథ రాత్రి రెండుసార్లు చదివాను. వారాసిగూడ గల్లీ కళ్లకు కట్టింది. కానీ ఐదో పేజీలో కాంతమ్మ కరివేపాకు కోసం తలుపు తట్టిన దగ్గర్నుంచి నీ కథానాయిక సుజాత కనిపించదు. పేజీన్నర కాంతమ్మే, నల్లా నీళ్లు, అల్లుడి బండి, పై పోర్షన్ వాళ్ల గొడవ. సుజాత "ఊ" అంటుంది, "అవునా" అంటుంది. ఆమె కుదువపెట్టిన గొలుసు సంగతి నువ్వే మర్చిపోయావేమోనని కోపం వచ్చింది.

కాంతమ్మను తగ్గించాలా అని అడిగావు. వద్దు. నా నాలుగో కథ ఒక వారపత్రికకు పంపితే, ఎడిటర్ నన్నొక మాట అడక్కుండా పక్కింటి ముసలాయన మాటలు సగం కోసేసి అచ్చువేశాడు. కోఠి బస్టాపులో నిలబడి చదువుకున్నాను. ముసలాయన పోయాడు, నా కథానాయిక మాత్రం ముందెంత పలచగా ఉందో అంతే ఉంది. ఇన్నేళ్లయినా ఆ మంట చల్లారలేదు.

ఒక పని చెయ్యి. ఆ సీన్‌లో సుజాత మాటలన్నీ కొట్టేసి చదువు. కాంతమ్మ మాటలు ఎక్కడా తెగలేదంటే, ఆమె ఎవరి ముందైనా అవే మాట్లాడేదన్నమాట. లోపం అక్కడుంది.

గొలుసు కుదువపెట్టిన సంగతి నువ్వు సస్పెన్స్ అనుకుని ఎనిమిదో పేజీ దాకా దాచావు. కాంతమ్మ రాకముందే చెప్పెయ్యి. అది తెలిశాక ఆమె నీళ్ల గురించి ఎంత మాట్లాడినా పాఠకుడి చూపు సుజాత బోసి మెడ మీదే ఉంటుంది. అప్పుడు కాంతమ్మ ఆపకుండా అడగాలి:

"మెడల గొలుసేది బిడ్డా?"

"హుక్కు ఊడిందత్తమ్మా, రిపేరుకిచ్చిన."

"ఏ దుకాణంల? మా మరిదికి ఇయ్యకపోయినవ్?"

ఒక అబద్ధానికి ఇంకో అబద్ధం కావలసి వస్తుంది. మాటలు కాంతమ్మవే ఎక్కువ, కానీ ఏం చెప్పాలో, ఏం దాచాలో తేల్చుకోవలసింది సుజాత. ఎవరు తేల్చుకోవాలో సీన్ వాళ్లది. దీన్ని నేను ఎవరి దగ్గరా వదులుకోను.

ఆరో పేజీలో కాంతమ్మ దుబాయ్ కొడుకు ఫ్లాష్‌బ్యాక్ మాత్రం తీసెయ్యి. అది నన్ను కదిలించింది, అందుకే తీసెయ్యమంటున్నాను, ఎందుకంటే ఆ పేరా తర్వాత జాలంతా ఆమె వైపు వెళ్లిపోయి మళ్లీ సుజాత దగ్గరికి రాలేదు. ఎక్కడ ఫోన్ మోగినా ఆమె మాట ఆపి అటు చూస్తుందని ఒక్క వాక్యం రాయి, చాలు.

ఆమె వెళ్లాక సీన్ ఆపెయ్యకు. కరివేపాకు గట్టు మీదే మర్చిపోయింది, మళ్లీ వస్తుంది. అప్పుడు సుజాత ఏం చేస్తుంది? చున్నీ మెడకు చుట్టుకుంటుందా, గొళ్లెం పెట్టుకుంటుందా, రెమ్మ పట్టుకుని తనే ఎదురెళ్తుందా?

ఏ పత్రికకు పంపాలన్నది తర్వాత చూద్దాం. ముందు ఐదో పేజీ ఒక్కటే తిరగరాసి పంపు.